గద్వాల కుట్టు అంచు చీర: విదేశంలో కొనేవారికి బట్టను, పడే తీరును, కట్టును ఎలా చెప్పాలి?

మగ్గంగుంట (గద్వాల)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. నేయడం మా మామగారి పని, ఫోటోలు తీసి విదేశాలకు అమ్మడం నా పని. పోయిన నెల డల్లాస్‌లో ఉండే ఒక ఆవిడ మా దగ్గర ఒడలు నూలుతో, అంచూ కొంగూ పట్టుతో నేసిన గద్వాల చీర కొన్నారు. చీర అందిన మూడు వారాలకు ఆమె పంపిన ఉత్తరంలో కోపం లేదు కానీ నిరాశ ఉంది. అదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

నేను అమ్మకం పేజీలో రాసిన వర్ణన ఇది: "స్వచ్ఛమైన గద్వాల చేనేత చీర. ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు, జరీ. మెత్తగా, తేలికగా ఉంటుంది. పొడవు రవికతో కలిపి 6.3 మీటర్లు, పన్న 47 అంగుళాలు."

ఆమె చెప్పినవి మూడు. ఒకటి, మెత్తగా ఉంటుందని చదివి కొంటే చీర ఒంటి మీద అట్టలా నిలబడిందట. రెండు, రవిక గుడ్డ కత్తిరించి, ఒకసారి ఉతికి కట్టుకుంటే నాలుగే కుచ్చిళ్లు వచ్చాయట. మూడు, ఉతికిన తర్వాత అంచు అలలు అలలుగా లేచిందట. నేను అబద్ధం ఏమీ రాయలేదు, అయినా ఆమె ఊహించుకున్న చీర వేరు, చేతికి అందిన చీర వేరు. ఈ మూడింటినీ ముందే తెలిసేలా ఎలా రాయాలో, అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సూదీదారం (వనపర్తి)

అమ్మా, కట్టు కుదరకపోవడానికి అసలు కారణం చాలాసార్లు రవికే. విదేశాల్లో ఉన్నవారు కొలతలు పంపేటప్పుడు చంక చుట్టుకొలత చెప్పరు, భుజం కొలత ఒంటి మీద కాకుండా పాత రవిక మీద తీసి పంపుతారు. మీరు రవికను కుట్టించి పంపేటట్టయితే ఎనిమిది కొలతలు అడగండి, కుట్టు లోపల రెండు వైపులా అంగుళంన్నర గుడ్డ వదిలి కుట్టించండి.

మగ్గంగుంట (గద్వాల)

అన్నా, మేము రవికను కుట్టి పంపము, చీరతో నేసిన గుడ్డనే పంపుతాము. నేను అడిగేది చీర కట్టు గురించే. అయినా కుట్టు లోపల గుడ్డ వదలమన్న మాట ఆవిడకు తప్పకుండా చెబుతాను.

లెక్కలమనిషి (నల్లగొండ)

నేను కొంతకాలం వస్త్రాల మిల్లులో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను. మీ సమస్యకు మూలం "మెత్తగా, తేలికగా" అన్న మాటలే, ఎందుకంటే వాటికి కొలత లేదు. విదేశాల్లో బట్ట కొనేవారు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చూస్తారు. చీరను తూకం వేసి, పొడవును వెడల్పుతో గుణించి వచ్చిన వైశాల్యంతో భాగించండి. ఆ ఒక్క అంకె రాస్తే చీర ఎలా పడుతుందో వారికి అర్థమైపోతుంది, ఇక విశేషణాలు అవసరమే లేదు.

మగ్గంగుంట (గద్వాల)

ఇప్పుడే అదే రకం చీరను వంటింటి తూకం మీద పెట్టి చూశాను. 520 గ్రాములుంది. పొడవు 6.3 మీటర్లు, పన్న 1.19 మీటర్లు అనుకుంటే వైశాల్యం దాదాపు 7.5 చదరపు మీటర్లు వచ్చింది. అంటే చదరపు మీటరుకు సుమారు 70 గ్రాములు. ఈ అంకె వర్ణనలో రాస్తే సరిపోతుందా?

రాజోలి_పేకదారం (రాజోలి)

సరిపోదమ్మా. లెక్కలమనిషిగారు చెప్పిన తూకం రాయవలసిందే, అందులో తప్పు లేదు, కానీ తూకం ఒక్కటే పడే తీరును చెప్పదు. మీ ఊరి దుకాణంలోనే సరిగ్గా ఇంతే తూగే పోచంపల్లి పట్టు చీర ఒకటి తీసుకుని, మీ నూలు చీర పక్కన ఒకే మేకుకు వేలాడదీసి చూడండి. రెండింటికీ చదరపు మీటరుకు 70 గ్రాములే వస్తుంది, కానీ పట్టు చీర నీళ్లు జారినట్టు కిందికి దిగుతుంది, మీది మడత మడతగా నిలబడుతుంది. బరువు ఒకటే, వంగే గుణం వేరు.

అది ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. పడుగు దారానికి మేము గంజి పెడతాం. గంజి లేకపోతే అచ్చులో రాసుకుపోయి దారం లేస్తుంది, తెగుతుంది. పేక దారానికి అంత గంజి అక్కరలేదు. అందువల్ల కొత్త నూలు చీరలో పడుగు బిర్రుగా, పేక దానికన్నా మెత్తగా ఉంటుంది. ఇప్పుడు చీర ఒంటి మీదకు ఎలా వస్తుందో ఊహించండి. పడుగు చీర పొడవునా పోతుంది కాబట్టి కట్టుకున్నప్పుడు నడుము చుట్టూ అడ్డంగా తిరుగుతుంది. పేక నిలువుగా, నడుము నుంచి పాదాల వైపు ఉంటుంది. ముందు కుచ్చిళ్ల మడత గీతలు నిలువుగా ఉంటాయి గదా, ఆ గీతను అడ్డంగా దాటే దారం పడుగే. అంటే ప్రతి కుచ్చిలిలోనూ వంగవలసింది గంజి పట్టిన పడుగు. మీ డల్లాస్ ఆవిడకు అట్టలా నిలబడింది అదే.

కొంగు దగ్గర ఇది తిరగబడుతుంది. భుజం మీద పైట మడతలు చీర పొడవు వెంట పోతాయి కాబట్టి అక్కడ వంగవలసింది పేక. కొంగులో ఆ పేకే జరీ. అందుకే ముందు కుచ్చిళ్లు చక్కగా కూర్చున్న చీర కూడా భుజం మీద మడత పెట్టబోతే పెంకెతనం చేస్తుంది, మడత విప్పుకుని రేకులా లేస్తుంది. కాబట్టి "చీర బాగా పడుతుంది" అని ఒకే వాక్యం రాయడం కుదరదు. కుచ్చిళ్లు ఎలా పడతాయో ఒక మాట, కొంగు ఎలా నిలుస్తుందో ఇంకో మాట రాయాలి.

లెక్కలమనిషి (నల్లగొండ)

ఒప్పుకుంటున్నాను, తూకాన్ని ఎక్కువ చేసి చెప్పాను. మిల్లులో మేము వంగే గుణానికి వేరే పరీక్ష చేసేవాళ్లం. అంగుళం వెడల్పున బట్టను పట్టీగా కత్తిరించి, బల్ల అంచు మీద నుంచి నెమ్మదిగా ముందుకు జరుపుతూ, దాని కొస ఒక నిర్ణీత వాలుకు వంగినప్పుడు ఎంత పొడవు బల్ల బయటకు వచ్చిందో కొలుస్తారు. పట్టీ ఎంత ఎక్కువ దూరం వంగకుండా నిలబడితే బట్ట అంత బిర్రు. ఆ వాలు 41.5 డిగ్రీలు. ఇంట్లోనైతే అట్టముక్కను ఆ కోణంలో కత్తిరించి బల్ల పక్కన ఆనించుకుంటే చాలు. మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు మిగిలే చివరి ముక్క ఉంటుంది గదా, చీర పాడుకాకుండా దానితోనే చేయవచ్చు. ఒక పట్టీ పడుగు వెంట, ఒకటి పేక వెంట తీసుకోండి.

మగ్గంగుంట (గద్వాల)

చేసి చూశాను. మగ్గం చివరి ముక్కలో ఒడలు భాగం నుంచి పడుగు వెంట తీసిన పట్టీ వంగే ముందు 6 సెంటీమీటర్లు బయటకు వచ్చింది. అదే పట్టీని చల్లని నీళ్లలో రెండుసార్లు ఉతికి ఆరబెట్టి మళ్లీ చూస్తే 4 సెంటీమీటర్లకే వంగిపోయింది. ఇక్కడ ఒక విచిత్రం చూశాను. పట్టీ ఆరిన తర్వాత పొడవు కూడా కొద్దిగా తగ్గింది, 20 సెంటీమీటర్ల పట్టీ 19.4 అయింది. ఇది కుదించుకుపోవడమేనా, లేక నా కొలతే పొరపాటా?

రాజోలి_పేకదారం (రాజోలి)

కుదించుకుపోవడమే. మగ్గం మీద పడుగును గట్టిగా లాగి పట్టి ఉంచుతాం. నీళ్లు తగలగానే నూలు ఆ లాగుడును వదిలేసుకుంటుంది. పొడవులో వందకు రెండు మూడు పాళ్లు తగ్గడం నూలుకు మామూలే. పన్నలోనూ కొంత పోతుంది. ఒక సంగతి అడగాలి. 47 అంగుళాలు ఎప్పుడు కొలిచారు? చీర మగ్గం మీద ఉండగానా, కోసి తీసిన తర్వాతా?

మగ్గంగుంట (గద్వాల)

మామగారిని అడిగాను. మగ్గం మీద, బట్టను అడ్డంగా లాగి పట్టే కర్ర బిగించి ఉండగా చూసిన కొలతట. కోసి తీసి ఒక రాత్రి మడిచి పెట్టిన చీరను ఇప్పుడు కొలిస్తే 46 అంగుళాలుంది. ఉతికినది 45న్నర. ఇన్నాళ్లూ నేను మగ్గానికున్న పన్నను చీరకు రాస్తూ వచ్చానన్నమాట.

దూరపుచుట్టం (మాంచెస్టర్)

కొనే వైపు నుంచి ఒక మాట చెబుతాను. మాది మిర్యాలగూడ, ఇక్కడికి వచ్చి పన్నెండేళ్లయింది. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. మా అమ్మ చీరలు నాకు పాదాల పైనే ఆగిపోతాయి, పెళ్లిళ్లకు కట్టుకుంటే చెప్పులన్నీ కనిపిస్తాయి. అమ్మకం పేజీల్లో "ఫ్రీ సైజు" అని రాస్తారు. ఆ మాట చూస్తే నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి, ఎందుకంటే చీరకు చుట్టుకొలత లేకపోయినా పన్న ఉంది, ఆ పన్న నా కాళ్లకు సరిపోవాలి. ఫోటోల్లో చీర కట్టుకున్న అమ్మాయి ఎత్తు ఎంతో రాస్తే నాకు సగం బాధ తీరుతుంది. బొమ్మకు కట్టిన చీరనైతే నమ్మను, వెనక ఎన్ని పిన్నులు గుచ్చారో ఎవరికి తెలుసు?

చీరకట్టుసాయం (మహబూబ్‌నగర్)

నేను పెళ్లికూతుళ్లకు చీర కట్టే పని చేస్తాను. ఎవరి ఒంటికి ఎంత గుడ్డ పడుతుందో చీర విప్పకుండా చెప్పడం మా వృత్తిలో మొదట నేర్చుకునే విద్య. అక్కయ్యా, డల్లాస్ ఆవిడకు నాలుగే కుచ్చిళ్లు ఎందుకు వచ్చాయో లెక్క వేయవచ్చు. ఆమె తుంటి కొలత, ఎత్తు, రవికకు ఎంత గుడ్డ కత్తిరించారో అడిగి చెప్పగలరా?

మగ్గంగుంట (గద్వాల)

అడిగాను, ఆమె చాలా ఓపికగా జవాబిచ్చారు. తుంటి 48 అంగుళాలు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. రవికకు పొడుగు చేతులు కావాలని పూర్తి మీటరు కత్తిరించారట. నేను ఇక్కడ ఆ చీరతో పాటే నేసిన జోడు చీరను నేల మీద పరిచి కొలిస్తే 6.3 మీటర్లు లేదు, 6.2 మీటర్లే ఉంది.

చీరకట్టుసాయం (మహబూబ్‌నగర్)

అయితే ఆమె చేతిలో మిగిలింది 5.2 మీటర్లు, అంటే 205 అంగుళాలు. ఇప్పుడు ఈ గుడ్డ ఎక్కడెక్కడ ఖర్చవుతుందో చూద్దాం. కుడి వైపు దోపి నడుము చుట్టూ ఒక చుట్టు తిప్పి మళ్లీ ముందుకు తెచ్చేసరికి తుంటి కొలత 48, పైన దోపుకు 2, మొత్తం 50 అంగుళాలు పోతుంది. కుచ్చిళ్ల తర్వాత చీర ఎడమ తుంటి మీదుగా వెనకకు పోయి కుడి వైపుకు రావడానికి ఇంకో ముప్పావు చుట్టు, అంటే 36 అంగుళాలు. కుడి చంక కింద నుంచి రొమ్ము మీదుగా ఎడమ భుజానికి ఎక్కడానికి ఆమె ఒంటికి 28 అంగుళాలు కావాలి. భుజం నుంచి వెనక మోకాళ్ల దాకా కొంగు వేలాడాలంటే 40. ఇవన్నీ కలిపితే 154. మిగిలింది 51 అంగుళాలు.

అయిదు అంగుళాల వెడల్పున ఒక కుచ్చిలి పెడితే పోను అయిదు, రాను అయిదు, మొత్తం పది అంగుళాల గుడ్డ తింటుంది. 51లో అయిదు కుచ్చిళ్లు వస్తాయి. కానీ ఆమె ఉతికి కట్టారు. మూడు పాళ్లు తగ్గితే 205 కాస్తా 199 అవుతుంది, మిగిలేది 45. నాలుగు కుచ్చిళ్లు, ఒక అరకొర ముక్క. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

అదే చీర నుంచి 80 సెంటీమీటర్లే కత్తిరించి ఉంటే, చీర నిజంగా 6.3 మీటర్లు ఉండి ఉంటే, మొత్తం 216 అంగుళాల్లో 62 మిగిలేవి, ఉతకకముందు ఆరు కుచ్చిళ్లు వచ్చేవి. తుంటి 40 అంగుళాలున్న అమ్మాయికి అదే చీర ఏడు కుచ్చిళ్లు ఇచ్చి ఇంకొంచెం మిగులుతుంది. కాబట్టి వర్ణనలో 6.3 అని ఒకటే అంకె రాయకుండా, రవిక తీసేసిన తర్వాత మిగిలే పొడవు రాయండి, తుంటి 40 అయితే ఇన్ని, 48 అయితే ఇన్ని అని కుచ్చిళ్లు రాయండి. కొనేవారికి మీటర్ల కన్నా కుచ్చిళ్లు త్వరగా కళ్ల ముందుకు వస్తాయి.

దూరపుచుట్టం (మాంచెస్టర్)

ఈ లెక్క నాకు పదేళ్ల కింద ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఎత్తుకు కూడా ఇలాగే ఏదైనా లెక్క ఉందా అక్కా?

చీరకట్టుసాయం (మహబూబ్‌నగర్)

ఉంది, ఇంకా సులువు. లంగా బొందు కట్టుకునే చోటు నుంచి నేల దాకా టేపుతో కొలవండి, ఎత్తు మడమల చెప్పులు వేసుకుంటే వాటితోనే కొలవండి. దానికి లోపలికి దోపడానికి మూడు అంగుళాలు కలపండి. ఆ మొత్తం చీర పన్నకు మించకూడదు. డల్లాస్ ఆవిడకు బొడ్డు దగ్గర నుంచి నేలకు 41, చెప్పుల మడమ 2 అనుకుంటే దోపుతో 46 కావాలి. ఉతికిన చీర పన్న 45న్నర. అర అంగుళం పైన ఆగుతుంది. లంగాను రెండు అంగుళాలు దించి కట్టుకుంటే ఆ సమస్య ఉండదు. మీకు మాత్రం, 5 అడుగుల 9 అంగుళాలకు, మడమ చెప్పులు మానేయమనో, 48 పన్న దొరికే చోటు వెతకమనో చెప్పవలసి వస్తుంది. కింద ఫాల్ కుట్టిస్తే పొడవు పెరుగుతుందని కొందరు అనుకుంటారు. అది లోపలి వైపు వేసే పట్టీ, కుచ్చిళ్లకు బరువు ఇస్తుందే కానీ పన్నను పెంచదు.

నారాయణపేట_గళ్లు (నారాయణపేట)

మా నారాయణపేట నూలు చీరల విషయంలో నాకు ఇంకో అనుభవం. నేను "దారం ఎంత సన్నమైతే చీర అంత మెత్తన, మాది 80 నంబరు దారం" అని రాస్తూ వచ్చాను, పేరు తెచ్చిపెట్టింది. ఇక్కడ చదివాక ఆ మాట సరైందేనా అని అనుమానం వస్తోంది. గళ్ల చీరను ఉతికిన తర్వాత కూడా బిర్రుగానే ఉందని సింగపూర్ నుంచి ఒకరు రాశారు.

రాజోలి_పేకదారం (రాజోలి)

సన్నదారం మెత్తన అన్నది సగం నిజం. సన్నదారాన్ని అంగుళానికి మరీ దట్టంగా కుక్కి నేస్తే, లేదా దారానికి పురి ఎక్కువ ఉంటే, అది కూడా బిర్రుగానే ఉంటుంది. మీ సింగపూర్ ఆవిడ చీర ఉతికిన తర్వాత కూడా మెత్తబడలేదంటే ఒకసారి ఉతుకుతో గంజి పూర్తిగా పోలేదా, లేక పేకను మరీ గట్టిగా కొట్టి నేశారా అన్నది చూడాలి. చీరను దీపం ముందు పట్టుకుంటే వెలుతురు ఎంత వస్తుందో తెలుస్తుంది. వెలుతురు అసలు రాకపోతే దట్టంగా నేసినట్టే. అది పదిసార్లు ఉతికినా పెద్దగా మారదు. అప్పుడు ఆ చీరను మెత్తనని రాయకండి, "నిండుగా నిలబడే గళ్ల చీర, కుచ్చిళ్లు గుండ్రంగా నిలుస్తాయి" అని రాయండి. అలాంటి చీర కోరుకునేవారు చాలామంది ఉన్నారు, ఎత్తుగా సన్నగా ఉన్నవారికి అదే బాగుంటుంది.

పుట్టపాక_చిటికి (పుట్టపాక)

నడుమ నాదొక మాట. మా దగ్గర తేలియా పద్ధతిలో చేసిన గుడ్డకు నూనె వాసన ఉంటుంది, ఎందుకంటే దారాన్ని నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెడతాం. మొదట్లో నేను అది రాయలేదు, జర్మనీ నుంచి ఒకాయన "గోదాములో పాడైన బట్ట పంపారు" అని తిప్పి పంపాడు. ఇప్పుడు మొదటి వాక్యంలోనే రాస్తాను. మీ గంజి కూడా అలాంటిదే, కొనేవారికి కనిపించే ముందే మీరు చెప్పాలి.

మగ్గంగుంట (గద్వాల)

మంచి మాట చెప్పారు. ఇక మూడోది మిగిలింది. ఉతికిన తర్వాత అంచు అలలు అలలుగా లేవడం. ఆమె పంపిన ఫోటోలో ఒడలు చదునుగానే ఉంది, అంచు మాత్రం లంగా కుచ్చులా పైకీ కిందికీ తిరిగింది. ఆమె "అంచును విడిగా కుట్టారా, ఆ కుట్టు ఊడుతోందా" అని కూడా అడిగారు. దానికి ఏం చెప్పాలో తెలియక, కుట్టు లేదు అని మాత్రం చెప్పాను.

రాజోలి_పేకదారం (రాజోలి)

మనం దాన్ని కుట్టు అంచు అంటాం కాబట్టి ఆమె సూది కుట్టు అనుకోవడంలో తప్పేమీ లేదు. సూదితో కుట్టింది కాదనీ, ఒడలు పేకా అంచు పేకా ఒకదానిలో ఒకటి మెలిపడి మగ్గం మీదనే అతుక్కుంటాయనీ, చీరను తిరగవేస్తే ఆ గీత సన్నగా కనిపిస్తుందనీ రాయండి. దానికి దగ్గరి నుంచి తీసిన ఫోటో ఒకటి, ముందు వైపూ వెనక వైపూ, తప్పక పెట్టండి.

అలల సంగతి. ఒడలు పడుగు నూలు, అంచు పడుగు పట్టు. నీళ్లలో నూలు పొడవు తగ్గింది, పట్టు అంతగా తగ్గలేదు. ఒడలు చిన్నదైంది, అంచు పాత పొడవే మిగిలింది, ఆ మిగులు అలలుగా లేచింది. కానీ ఇంకో కారణం కూడా ఉండవచ్చు. అంచు పడుగును విడిగా చుట్టి, ఒడలు కన్నా వదులుగా బిగించి నేస్తే ఉతకకముందే కొద్దిగా అల ఉంటుంది. మీ దగ్గరున్న జోడు చీరను చల్లని నేల మీద, ఇస్త్రీ చేయకుండా, చేత్తో లాగకుండా పరచి చూడండి. ఇప్పుడే అల ఉంటే తప్పు మగ్గంలోనిది. చదునుగా ఉంటే తప్పు నీళ్లలోది. మరోలా, అంచు బిగిసి ఒడలు దాని పక్కన ఉబ్బితే, అంచు పడుగును ఎక్కువగా లాగి పట్టారని అర్థం.

మగ్గంగుంట (గద్వాల)

పరిచి చూశాను. చదునుగానే ఉంది, కుడి అంచు కొసకు ఒక జానెడు మేర తప్ప. మామగారు దాన్ని చేత్తో తడిమి, "పడుగు చివర లాగుడు తగ్గిన చోటు అది" అన్నారు. కాబట్టి ఎక్కువ భాగం నీళ్ల వల్లనే అనుకుంటున్నాను. అయితే చీరను ముందే ఉతికి, కుదించి పంపితే మంచిదా? అప్పుడు కొలతలు మారవు, బిర్రు ఉండదు, అంచు అల ఉంటే మాకే తెలుస్తుంది.

లెక్కలమనిషి (నల్లగొండ)

నా అభిప్రాయంలో అదే సరైన పని. మిల్లు బట్టను ఇలాగే ముందుగా కుదించి అమ్ముతారు.

రాజోలి_పేకదారం (రాజోలి)

నేను ఒప్పుకోను. ఉతికిన కొత్త చీరను చూసి వాడిన చీర అనేవారు ఉన్నారు, జరీ మెరుపు కూడా కొంత పోతుంది. పైగా అంచు అలను పదిహేను రోజుల పని అయిపోయాక చూసి మేము చేసేదేముంది? దానికన్నా అంచు పట్టు చీరను మొదటి రెండు మూడు సార్లు డ్రై క్లీనింగ్‌కే ఇమ్మని రాసి, ఆపైన చల్లని నీళ్లలో ఉతికితే ఒడలు వందకు రెండు మూడు పాళ్లు తగ్గి అంచు కొద్దిగా అలలు తిరుగుతుందని కూడా చెప్పి, తెలిసి కొనుక్కొమ్మనడం మంచిది.

చీరకట్టుసాయం (మహబూబ్‌నగర్)

నేను ఉతకడం వైపే. కట్టేవారికి మెత్తబడిన చీర కావాలి. అయితే మీ ఇద్దరి మాటా విన్నాక, రెండు రకాలుగా అమ్మి చూడమని మాత్రం అంటాను.

మగ్గంగుంట (గద్వాల)

దాని సంగతి మామగారితో ఇంకా తేలలేదు, ఆయన కూడా ఉతకడానికి ఒప్పుకోవడం లేదు. ఈలోగా ఆ జోడు చీరకు కొత్త వర్ణన రాశాను. తెలుగులో రాసి మా మరిదితో ఇంగ్లీషు చేయిస్తాను. తప్పులుంటే చెప్పండి.

"గద్వాల చేనేత చీర. ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు, జరీ. తూకం 520 గ్రాములు, ఇందులో కొంత గంజి బరువు. కొత్తగా ఉన్నప్పుడు బట్ట బిర్రుగా ఉంటుంది, ముందు కుచ్చిళ్లు ఒంటికి అంటుకోకుండా నిలబడతాయి, కదిలితే చిన్నగా శబ్దం వస్తుంది. గంజి పోయిన తర్వాత మెత్తబడి కిందికి దిగుతాయి. పట్టు అంచు బరువు వల్ల కుచ్చిళ్ల అడుగు భాగం చక్కగా నిలుస్తుంది. కొంగులో జరీ ఎక్కువ కాబట్టి భుజం మీద సన్న మడతలు పెట్టడం కష్టం, నాలుగు అంగుళాల వెడల్పు మడతలుగానో, విడిచిన కొంగుగానో వేసుకోవడం బాగుంటుంది. చీర మొత్తం 6.2 మీటర్లు. 80 సెంటీమీటర్ల రవిక తీస్తే 5.4 మీటర్లు మిగులుతుంది. తుంటి 40 అంగుళాలకు సుమారు ఏడు కుచ్చిళ్లు, 48 అంగుళాలకు అయిదు వస్తాయి. పన్న మగ్గం నుంచి తీసిన తర్వాత 46 అంగుళాలు, ఉతికితే 45న్నర. అంచు, ఒడలు మగ్గం మీదనే పేకతో అతుక్కున్నాయి, సూది కుట్టు లేదు, ఆ గీత వెనక వైపు కనిపిస్తుంది. నీళ్లలో ఉతికితే పొడవు వందకు రెండు మూడు పాళ్లు తగ్గుతుంది, అంచు కొద్దిగా అలలు తిరుగుతుంది. ఫోటోలో కట్టుకున్నవారి ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, తుంటి 39, పిన్ను ఒకటే, భుజం మీద."

చీరకట్టుసాయం (మహబూబ్‌నగర్)

48కి అయిదు కుచ్చిళ్లు అన్నది ఉతకకముందు మాట. 5.4 మీటర్లంటే 212 అంగుళాలు, 154 పోతే 58 మిగులుతుంది, అయిదు నిండుగా వస్తాయి. ఉతికితే 206 అవుతుంది, 52 మిగులుతుంది, అయిదే వస్తాయి కానీ కొంచెం బిగువుగా. 40కి ఉతికాక కూడా 66 దాకా మిగులుతుంది కాబట్టి ఆరు నుంచి ఏడు అని రాయండి. రవిక మీటరు కత్తిరిస్తే ఒక కుచ్చిలి తగ్గవచ్చని కూడా కలపండి, ఎందుకంటే డల్లాస్ ఆవిడ సమస్య అక్కడే మొదలైంది.

దూరపుచుట్టం (మాంచెస్టర్)

"కదిలితే చిన్నగా శబ్దం వస్తుంది" అన్న వాక్యం తీసేయకండి. మా అమ్మ గంజి పెట్టిన చీరకు అదే శబ్దం ఉండేది, నాలాంటివారు దానికోసమే కొంటారు. నాకు మాత్రం 48 పన్న చీర కావాలి. మీ మగ్గం మీద అంత వెడల్పు వస్తుందా?

మగ్గంగుంట (గద్వాల)

మా మగ్గం అచ్చు అంతకు సరిపోదక్కా. మామగారు అచ్చు మార్చితే వస్తుందంటున్నారు, కానీ ఒక్క చీరకు మార్చలేము. పడుగు ఒకసారి ఎక్కిస్తే నాలుగైదు చీరలు నేస్తాం కాబట్టి, మీలాంటి ఎత్తున్నవారు ఇంకో ముగ్గురు దొరికితే మార్చి నేస్తానన్నారు. ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి. రంగు మాత్రం నలుగురికీ ఒకటే వస్తుంది.